బ్రోమిన్ వాటర్‌లో ఆల్కీన్: OH ఏ కార్బన్‌కి, ఏ వైపు నుంచి, మధ్యలో డైబ్రోమైడ్ ఎక్కడిది?

ప్రశ్న: సర్, ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం. సైక్లోహెక్సీన్‌ని బ్రోమిన్ వాటర్‌లో వేసి కలిపితే బ్రోమోహైడ్రిన్ వస్తుందని చదివి చేస్తే సగానికి పైగా డైబ్రోమైడే వచ్చింది. నీళ్లు అన్ని ఉండగా బ్రోమైడ్ ఎలా గెలిచింది? ఇంకో డౌటు. 1-మిథైల్‌సైక్లోహెక్సీన్‌లో OH ఎక్కువ సబ్‌స్టిట్యూషన్ ఉన్న కార్బన్ మీదకి, అదీ వెనక నుంచి వస్తుందంటారు. వెనక నుంచి దాడి అంటే SN2 కదా, టెర్షియరీ కార్బన్ మీద SN2 జరగదు కదా?

జవాబు:

మీ ఫ్లాస్కులో రెండు పొరలు ఉండి ఉంటాయి. డైబ్రోమైడ్‌లో ఎక్కువ భాగం పై పొరలో తయారై ఉంటుంది. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు రెండో డౌటు తీరితే ల్యాబ్‌లో ఏం జరిగిందో సగం మీకే తెలిసిపోతుంది.

బ్రోమిన్ అణువు ద్విబంధం దగ్గరకి వచ్చినప్పుడు పై ఎలక్ట్రాన్లు దగ్గరి బ్రోమిన్ పరమాణువు మీదకి పోతాయి, దూరపు బ్రోమిన్ బ్రోమైడ్‌గా విడిపోతుంది. అదే సమయంలో దగ్గరి బ్రోమిన్ తన ఒంటరి జంటతో రెండో కార్బన్‌ని కూడా పట్టుకుంటుంది. దాంతో రెండు కార్బన్లు, ఒక బ్రోమిన్ కలిసి ధనావేశం ఉన్న మూడు సభ్యుల వలయం ఏర్పడుతుంది. అదే బ్రోమోనియం అయాన్. 1937లో రాబర్ట్స్, కింబాల్ దీన్ని ప్రతిపాదించింది ఆంటీ సంకలనాన్ని వివరించడానికే. మామూలు కార్బోకాటయానే మధ్యస్థం అయితే న్యూక్లియోఫైల్ రెండు ముఖాల నుంచీ రావచ్చు, గొలుసు అణువుల్లో C–C బంధం తిరిగిపోవచ్చు కూడా. ప్రయోగంలో అలా కనిపించలేదు. రెండేళ్ల తర్వాత విన్‌స్టైన్, లూకాస్ ఇంకా గట్టి ఆధారం చూపించారు. ధ్రువణ భ్రమణం ఉన్న త్రియో-3-బ్రోమో-2-బ్యూటనాల్‌ని HBrతో చర్య జరిపితే వచ్చిన 2,3-డైబ్రోమోబ్యూటేన్ రేసెమిక్. OH నీరుగా వెళ్లిపోయేటప్పుడు పక్క బ్రోమిన్ వంతెనలా రెండు కార్బన్లనీ పట్టుకుంటే, ఆ అయాన్‌కి సౌష్ఠవం ఉంటుంది, బ్రోమైడ్ రెండు చివరల్లో దేని మీదైనా సమానంగా పడుతుంది. ఆ ఫలితానికి ఇంతకన్నా సూటి వివరణ లేదు. తర్వాతి కాలంలో బ్రోమోనియం కాగితం మీది బొమ్మగా మిగలలేదు. 1967లో ఓలా బృందం ఎన్‌ఎంఆర్‌లో చూసింది. అడమాంటిలిడీన్ అడమాంటేన్ అనే బాగా ఇరుకైన ఆల్కీన్‌లో వెనక నుంచి ఎవరూ చేరలేరు కాబట్టి, దాని బ్రోమోనియం లవణం ఘనరూపంలో దొరికింది. 1985లో ఎక్స్-రే నిర్మాణం కూడా వచ్చింది.

ఇక్కడ ఒక చిన్న సవరణ. చాలా నోట్సుల్లో "బ్రోమిన్ నీటితో కలిసి HOBr అవుతుంది, అది ఆల్కీన్‌కి కలుస్తుంది" అని రాసేస్తారు. నికర ఫలితం లెక్కకి అది సరిపోతుంది, మెకానిజంగా తప్పుదారి పట్టిస్తుంది. బ్రోమిన్ నీటితో చర్య జరిపే సమతాస్థితి స్థిరాంకం 10⁻⁹ స్థాయిలో ఉంటుంది. సంతృప్త బ్రోమిన్ వాటర్‌లో కూడా HOBrగా మారే బ్రోమిన్ నూటికి ఒక వంతుకి లోపే. మీ ఫ్లాస్కులో ఆల్కీన్‌ని పట్టుకునేది ప్రధానంగా Br₂. నీరు రెండో అంకంలో, బ్రోమోనియంని తెరవడానికి వస్తుంది. ఈ క్రమం గుర్తుంటే "OH ఎక్కడికి, Br ఎక్కడికి" అన్నది బట్టీ పట్టక్కర్లేదు.

ఇప్పుడు 1-మిథైల్‌సైక్లోహెక్సీన్ తీసుకుందాం. దీని బ్రోమోనియంలో రెండు C–Br బంధాలు సమానం కావు. C1 టెర్షియరీ, C2 సెకండరీ. ధనావేశాన్ని C1 మెరుగ్గా మోయగలదు కాబట్టి C1–Br బంధం పొడవై బలహీనపడుతుంది, C1 మీద ఆవేశం ఎక్కువ చేరుతుంది. అణువు మొత్తాన్ని చూస్తే, బ్రోమిన్ C2ని గట్టిగా పట్టుకుని C1 మీదకి వాలి ఉన్నట్టు ఊహించుకోండి. నీరు వచ్చేసరికి C1 దగ్గర బంధం సగం తెగినట్టే ఉంటుంది.

మీరు చదువుకున్న SN2లో పరిస్థితి వేరు. అక్కడ కార్బన్ తటస్థం. న్యూక్లియోఫైల్ గట్టిగా నెట్టితే తప్ప లీవింగ్ గ్రూప్ కదలదు, కాబట్టి న్యూక్లియోఫైల్ బాగా దగ్గరకి రావాలి. అందుకే చుట్టూ ఇరుకుంటే చర్య ఆగిపోతుంది. బ్రోమోనియంలో నెట్టాల్సిన పని తక్కువ. ట్రాన్సిషన్ స్టేట్‌లో కొత్త C–O బంధం ఇంకా పొడవుగా, వదులుగానే ఉంటుంది. ఆ దూరంలో మిథైల్ గుంపు అంతగా అడ్డు కాదు, ఎలక్ట్రానిక్ లాభమే నెగ్గుతుంది. దిశ మాత్రం SN2దే. C1–Br బంధపు యాంటీబాండింగ్ ఆర్బిటాల్ పెద్ద తమ్మె బ్రోమిన్‌కి సరిగ్గా ఎదురు వైపు ఉంటుంది, నీటి ఒంటరి జంట అక్కడే దిగాలి. పైగా బ్రోమిన్ ఉన్న ముఖాన్ని బ్రోమినే కప్పేస్తోంది. కాబట్టి స్థానం విషయంలో SN1 లక్షణం, దిశ విషయంలో SN2 లక్షణం. పరీక్షలో ఇది SN1ఆ, SN2ఆ అని ఒకటి ఎంచుకోమంటే ఆ ప్రశ్నే సరిగా లేదని నా అభిప్రాయం.

ఇదే ప్రవర్తన మీరు ఎపాక్సైడ్‌లలో చూసే ఉంటారు. 1-మిథైల్‌సైక్లోహెక్సీన్ ఆక్సైడ్‌ని ఆమ్లం సమక్షంలో మిథనాల్‌తో తెరిస్తే OMe టెర్షియరీ కార్బన్ మీదకి పోతుంది. సోడియం మెథాక్సైడ్‌తో తెరిస్తే సెకండరీ కార్బన్ మీదకి పోతుంది. ఆమ్లంలో ఆక్సిజన్ మీద ధనావేశం ఉంటుంది, క్షారంలో ఉండదు. బ్రోమోనియం ఎప్పుడూ మొదటి రకమే.

కాబట్టి ఉత్పన్నం ట్రాన్స్-2-బ్రోమో-1-మిథైల్‌సైక్లోహెక్సనాల్: OH, CH₃ రెండూ C1 మీద, Br C2 మీద, OHకి Brకి మధ్య ట్రాన్స్. బ్రోమిన్ వలయం పై ముఖాన కూర్చుంటే నీరు కింద నుంచి వస్తుంది, కింద ముఖాన కూర్చుంటే పై నుంచి వస్తుంది. ఆల్కీన్‌కి రెండు ముఖాలూ అద్దంలో ప్రతిబింబాలు, కాబట్టి రెండూ సమానంగా జరుగుతాయి. కాన్ఫిగరేషన్ రాస్తే (1R,2R), (1S,2S) సగం సగం. జవాబు పత్రాల్లో తరచూ కనిపించే తప్పు ఇక్కడే: ఒక్క ఎనాన్షియోమర్ గీసి "ట్రాన్స్" అని రాసి వదిలేస్తారు. ట్రాన్స్ అన్నది డయాస్టీరియోమర్ పేరు. ఆ డయాస్టీరియోమర్ రేసెమిక్‌గా వచ్చిందని రాయకపోతే జవాబు సగమే.

గొలుసు ఆల్కీన్‌లలో ఇదే నియమం ఇలా కనిపిస్తుంది. సిస్-2-బ్యూటీన్ నుంచి త్రియో-3-బ్రోమో-2-బ్యూటనాల్, ట్రాన్స్-2-బ్యూటీన్ నుంచి ఎరిత్రో వస్తాయి, రెండూ రేసెమిక్‌గానే. ఏ ఆల్కీన్ నుంచి ఏది వస్తుందో తికమకగా ఉంటే సైక్లోహెక్సీన్‌ని సిస్ ఆల్కీన్‌గా చూడండి. వలయంలోని మిగతా CH₂లు రెండు మిథైల్‌ల స్థానంలో ఉన్నట్టే. అందులో (R,R), (S,S) జంట వచ్చింది కదా, సిస్-2-బ్యూటీన్‌లోనూ అదే జంట వస్తుంది.

వలయంలో ఇంకో అంకం ఉంది. నీరు వెనక నుంచి దిగినప్పుడు వలయం నేరుగా కుర్చీ రూపంలోకి వెళ్లాలంటే OH, Br రెండూ యాక్సియల్‌గా రావాలి. అంటే మొదట పుట్టేది డయాక్సియల్ కన్ఫార్మర్. సైక్లోహెక్సీన్ విషయంలో అది వెంటనే తిరగబడి డైఈక్వటోరియల్ అవుతుంది, ఎన్‌ఎంఆర్‌లో ప్రధానంగా కనిపించేది అదే. మిథైల్ ఉన్న అణువులో మాత్రం తిరగబడితే మిథైల్ యాక్సియల్ అవ్వాలి. మిథైల్‌కి A విలువ దాదాపు 1.7 కిలోకేలరీలు. OHకి సుమారు 0.9, Brకి సుమారు 0.5. ఈ లెక్కలో రెండు కన్ఫార్మర్లూ దగ్గర దగ్గరగా ఉంటాయి. అందుకని CH–Br ప్రోటాన్ కప్లింగ్ 11 హెర్ట్జ్ కనిపించలేదని "సిస్ వచ్చిందేమో" అని కంగారు పడకండి. అక్కడ కనిపించేది రెండు కన్ఫార్మర్ల సగటు.

ఇక మీ ఫ్లాస్కు సంగతి.

బ్రోమోనియం ఏర్పడిన క్షణంలో దాని పక్కన ఎవరుంటే వాళ్లే దాన్ని తెరుస్తారు. 1925లో ఫ్రాన్సిస్ ఎథిలీన్‌ని ఉప్పు కలిపిన బ్రోమిన్ వాటర్‌లోకి పంపితే 1-బ్రోమో-2-క్లోరోఎథేన్ వచ్చింది, డైక్లోరోఎథేన్ రాలేదు. అంటే మొదట దిగేది బ్రోమినే, రెండో చోటుకి మాత్రం అక్కడున్న న్యూక్లియోఫైల్స్ అన్నీ పోటీ పడతాయి. శుద్ధమైన నీటిలో నీటి గాఢత లీటరుకి 55 మోల్స్. బ్రోమైడ్ గాఢత దానిలో చిన్న భిన్నమే, కానీ బ్రోమైడ్ నీటికన్నా చాలా మెరుగైన న్యూక్లియోఫైల్. మిథైల్ బ్రోమైడ్ మీద కొలిచిన స్వైన్–స్కాట్ విలువల ప్రకారం తేడా కొన్ని వేల రెట్లు. బ్రోమోనియం బాగా చురుకైనది కాబట్టి అంత తేడా చూపించదు, అయినా బ్రోమైడ్‌కి మొగ్గు ఉంటుంది. అందుకే నీరు గెలవాలంటే రెండు షరతులు: బ్రోమోనియం నీటి మధ్యలోనే పుట్టాలి, బ్రోమైడ్ పేరుకోకూడదు. మీ ప్రయోగంలో రెండూ తప్పి ఉంటాయి.

మొదటిది పొరల సమస్య. సైక్లోహెక్సీన్ నీటిలో కరిగేది లీటరుకి 0.2 గ్రాముల దాకానే. మీరు వేసింది పైన నూనెలా తేలుతుంది. బ్రోమిన్‌కి నీటికన్నా ఆ నూనె ఎక్కువ ఇష్టం, కుదిపిన వెంటనే రంగు పై పొరలోకి పోతుంది. అక్కడ నీరు దాదాపు లేదు. పుట్టిన బ్రోమోనియంకి పక్కనే ఉన్నది విడిపోయిన బ్రోమైడ్, లేదా ఇంకో బ్రోమిన్ అణువుతో కలిసిన ట్రైబ్రోమైడ్. దాంతో డైబ్రోమైడ్ తప్పదు. "నీళ్లు అన్ని ఉన్నాయి" అన్నది ఫ్లాస్కు మొత్తానికి నిజమే, చర్య జరిగిన చోట మాత్రం లేవు.

రెండోది చర్య తనంతట తాను తెచ్చుకునే సమస్య. Br₂తో చేసినప్పుడు ప్రతి బ్రోమోహైడ్రిన్ అణువుకీ ఒక HBr పుడుతుంది. 10 మిల్లీమోల్స్ ఆల్కీన్‌ని 50 మి.లీ.లో చేస్తే చివరికి వచ్చేసరికి బ్రోమైడ్ దాదాపు 0.2 మోలార్‌కి చేరుతుంది. మొదటి భాగం శుభ్రంగా జరిగి, చివరి భాగంలో డైబ్రోమైడ్ పెరుగుతుంది. బైకార్బనేట్ వేస్తే ఆమ్లం పోతుంది, బ్రోమైడ్ మాత్రం అలాగే ఉంటుంది. ఇది చాలామంది గమనించరు.

రెండింటికీ కలిపి మందు ఎన్-బ్రోమోసక్సినిమైడ్, అంటే ఎన్‌బీఎస్, దానికి తోడు నీటితో కలిసే ఒక ద్రావణి. 1955లో గస్, రోసెంతాల్ ఎన్‌బీఎస్‌ని నీటిలో వాడి బ్రోమోహైడ్రిన్లు చేశారు, అప్పటి నుంచి ఇదే మామూలు పద్ధతి. దీని అందం సమీకరణంలోనే ఉంది: ఆల్కీన్ + ఎన్‌బీఎస్ + నీరు → బ్రోమోహైడ్రిన్ + సక్సినిమైడ్. ఎక్కడా బ్రోమైడ్ మిగలదు. నీటిలో అల్లైలిక్ బ్రోమినేషన్ జరిగిపోతుందేమోనని కొందరు భయపడతారు. దానికి రాడికల్ మొదలుపెట్టే పదార్థమో వెలుతురో, వేడి, ధ్రువం కాని ద్రావణి కావాలి. చల్లటి నీటి మిశ్రమంలో అయానిక్ దారే నడుస్తుంది.

10 మిల్లీమోల్స్ మోతాదులో ఇలా చేయండి. 100 మి.లీ. రౌండ్ బాటమ్ ఫ్లాస్కులో సైక్లోహెక్సీన్ 0.82 గ్రాములు, అంటే దాదాపు 1 మి.లీ., టీహెచ్‌ఎఫ్ 20 మి.లీ., నీరు 10 మి.లీ. వేసి మాగ్నెటిక్ స్టిర్రర్ మీద కలపండి. ద్రావణం తేటగా ఉండాలి. మబ్బుగా ఉంటే ఇంకో 2 మి.లీ. టీహెచ్‌ఎఫ్ వేయండి. ఈ తేటదనమే ప్రయోగం మొత్తంలో ముఖ్యమైన సంకేతం, ఎందుకంటే మీ పాత సమస్య పొరలే. 10 మి.లీ. నీరంటే 550 మిల్లీమోల్స్, ఆల్కీన్‌కి 55 రెట్లు, కాబట్టి నీరు తక్కువైందన్న దిగులు అక్కర్లేదు. టీహెచ్‌ఎఫ్ పాత సీసాదైతే ముందు పెరాక్సైడ్ పరీక్ష చేయండి.

ఫ్లాస్కుని ఐస్ బాత్‌లో పెట్టి లోపలి ఉష్ణోగ్రత 5 డిగ్రీల దగ్గరకి తెచ్చాక ఎన్‌బీఎస్ 1.96 గ్రాములు, అంటే 11 మిల్లీమోల్స్, ఐదారు విడతలుగా 20 నిమిషాల్లో వేయండి. ఒక విడత కరిగి పసుపు రంగు తగ్గాకే తర్వాతిది. ఉష్ణోగ్రత 10 దాటితే ఆగండి. మొత్తం వేశాక ఐస్ తీసేసి గది ఉష్ణోగ్రతలో గంటసేపు కలపండి. ఎన్‌బీఎస్‌ని టీహెచ్‌ఎఫ్‌లో ముందే కరిగించి పక్కన పెట్టుకోవడం మంచి అలవాటు కాదు. ఆ రెండూ కొంతసేపటి తర్వాత ఒక్కసారిగా వేడెక్కే అవకాశం ఉంది. ఘనరూపంలోనే, విడతలుగా వేయండి.

చర్య అయ్యాక ఒక చుక్కని స్టార్చ్–అయోడైడ్ కాగితం మీద పెడితే నీలం వస్తుంది, ఎందుకంటే ఎన్‌బీఎస్ కాస్త ఎక్కువ వేశాం. 10 శాతం సోడియం థయోసల్ఫేట్ ద్రావణం నీలం రానంత వరకు చేర్చండి, 5 మి.లీ. చుట్టుపక్కల సరిపోతుంది. తర్వాత ఈథర్‌తో 20 మి.లీ. చొప్పున మూడుసార్లు ఎక్స్‌ట్రాక్షన్, కలిపిన ఈథర్‌ని 15 మి.లీ. నీటితో రెండుసార్లు, ఉప్పు నీటితో ఒకసారి కడిగి, అనార్ద్ర సోడియం సల్ఫేట్ మీద ఆరబెట్టండి. నీటితో కడగడం సక్సినిమైడ్ కోసం. బద్ధకించి ఒకేసారి కడిగితే రోటరీ తర్వాత నూనెలో తెల్లటి స్ఫటికాలు కనిపిస్తాయి. రోటరీ బాత్ 35 డిగ్రీలు దాటనివ్వకండి. సిద్ధాంత దిగుబడి 1.79 గ్రాములు. శుభ్రమైన ఉత్పన్నం 1.4 గ్రాములు దాటితే బాగా జరిగినట్టే.

ఎన్‌బీఎస్ సీసా మూత తీయగానే నారింజ రంగులో, ఘాటైన వాసనతో ఉంటే అందులో బ్రోమిన్ విడిపోయి ఉంది. దాంతో చేస్తే మళ్లీ డైబ్రోమైడ్ తొంగి చూస్తుంది. బరువుకి పది రెట్లు వేడి నీటిలో త్వరగా కరిగించి, వేడిగానే వడగట్టి, చల్లబరిచి, వచ్చిన తెల్లటి స్ఫటికాలు ఆరబెట్టి వాడండి. వేడి నీటిలో ఎక్కువసేపు ఉంచితే అది విచ్ఛిన్నమవుతుంది.

ద్రావణి మార్చేవాళ్లు చేసే పొరపాట్లు రెండు. చౌక అని ఎసిటోన్ వాడతారు. ఆమ్లం ఉంటే బ్రోమిన్ ఎసిటోన్ మీదే పడి బ్రోమోఎసిటోన్ ఇస్తుంది, అది కళ్లు మండించే టియర్ గ్యాస్. Br₂తో పుట్టే HBr ఆ చర్యకి ఉత్ప్రేరకం కూడా, కాబట్టి Br₂తో ఎసిటోన్ వద్దే వద్దు. ఇంకొందరు మిథనాల్ పోస్తారు. మిథనాల్ కూడా న్యూక్లియోఫైలే, బ్రోమోహైడ్రిన్‌తో పాటు ట్రాన్స్-1-బ్రోమో-2-మెథాక్సీసైక్లోహెక్సేన్ వస్తుంది. డీఎంఎస్‌ఓ, కొద్దిగా నీరు కలిపి ఎన్‌బీఎస్ వాడే పద్ధతి 1968లో డాల్టన్ బృందం చూపించింది, అది కూడా బాగా పనిచేస్తుంది. అక్కడ బ్రోమోనియంని ముందు తెరిచేది డీఎంఎస్‌ఓ ఆక్సిజన్, తర్వాత నీరు ఆ సల్ఫోనియంని విడగొడుతుంది. స్టీరియోకెమిస్ట్రీ ఆంటీనే. అయితే అక్కడ వేడి బాగా పుడుతుంది, చల్లార్చడంలో అజాగ్రత్త పనికిరాదు.

ఎన్‌బీఎస్ దొరక్క Br₂తోనే చేయాల్సి వస్తే, ఆల్కీన్‌ని పలుచగా, ఒకే పొరగా ఉంచి, బ్రోమిన్‌ని చాలా నెమ్మదిగా బొట్లుబొట్లుగా వేయండి, రంగు ఎప్పుడూ లేత పసుపు దాటకుండా. బ్రోమిన్ పని అంతా ఫ్యూమ్ హుడ్‌లోనే, మందపాటి గ్లవ్స్‌తో, పక్కన థయోసల్ఫేట్ ద్రావణం బీకరులో సిద్ధంగా పెట్టుకుని.

వచ్చింది ఏమిటో ఎలా తెలుస్తుంది? టీఎల్‌సీలో ఈ రెండు పదార్థాలకీ యూవీ కింద మచ్చ రాదు, అనిసాల్డిహైడ్ స్టెయిన్ వేయండి. హెక్సేన్–ఇథైల్ ఎసిటేట్ 4:1లో డైబ్రోమైడ్ ద్రావణి అంచు దాకా పరిగెడుతుంది, బ్రోమోహైడ్రిన్ బాగా కింద ఉండిపోతుంది. జీసీ–ఎంఎస్ ఉంటే ఐసోటోప్ నమూనా చూడండి: ఒక్క బ్రోమిన్ ఉంటే 178, 180 దాదాపు సమాన ఎత్తులో, రెండు బ్రోమిన్లుంటే 240, 242, 244 శిఖరాలు 1:2:1లో. ¹H ఎన్‌ఎంఆర్‌లో బ్రోమోహైడ్రిన్‌కి 3.9 దగ్గర CHBr, 3.6 దగ్గర CHOH విడివిడిగా కనిపిస్తాయి, డైబ్రోమైడ్‌కి 4.45 దగ్గర ఒకే వెడల్పాటి శిఖరం. ముడి పదార్థంలోనే 4.45, 3.9 శిఖరాల ఇంటిగ్రేషన్ పోల్చితే నిష్పత్తి వెంటనే తెలుస్తుంది. డైబ్రోమైడ్ శిఖరంలో రెండు ప్రోటాన్లు ఉన్నాయని మర్చిపోకుండా సగం చేయండి.

ట్రాన్స్ అని చెప్పే ఆధారం కప్లింగ్‌లో ఉంది. డైఈక్వటోరియల్ రూపంలో CHBr, CHOH ప్రోటాన్లు రెండూ యాక్సియల్, కాబట్టి రెండింటికీ 9 నుంచి 12 హెర్ట్జ్ మధ్య పెద్ద కప్లింగులు రెండేసి, 4 హెర్ట్జ్ దగ్గర చిన్నది ఒకటి ఉంటాయి. సిస్ అయితే ఏ కన్ఫార్మర్‌లోనైనా ఒక ప్రోటాన్ ఈక్వటోరియల్‌గా ఉంటుంది, ఆ శిఖరం సన్నగా ఉంటుంది. మిథైల్ ఉన్న అణువులో పైన చెప్పిన కారణంగా ఈ దారి నమ్మకం కాదు, అక్కడ ముందు తేల్చాల్సింది OH ఏ కార్బన్ మీద ఉందనేది. దానికి ¹³C, డెప్ట్ చాలు. OH ఉన్న కార్బన్ టెర్షియరీ అయితే దానికి హైడ్రోజన్ లేదు, 70ల ప్రాంతంలోని ఆ శిఖరం డెప్ట్‌లో మాయమవుతుంది, CHBr మిగులుతుంది. తిరగబడి వస్తే CHOH మిగిలి, బ్రోమిన్ ఉన్న కార్బన్ మాయమవుతుంది.

రసాయనిక పరీక్ష కూడా ఉంది, నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. ట్రాన్స్ బ్రోమోహైడ్రిన్‌ని సోడియం హైడ్రాక్సైడ్‌తో కలిపితే త్వరగా సైక్లోహెక్సీన్ ఆక్సైడ్ ఇస్తుంది. ఆల్కాక్సైడ్ బ్రోమిన్‌కి వెనక నుంచి దాడి చేయాలి, ట్రాన్స్ అణువు డయాక్సియల్ రూపంలోకి తిరిగితే ఆ అమరిక సరిగ్గా కుదురుతుంది. సిస్ అణువుకి ఆ అమరిక ఎప్పటికీ కుదరదు. సిస్ హాలోహైడ్రిన్లు క్షారంతో మెల్లగా, హైడ్రైడ్ జరుగుడు ద్వారా సైక్లోహెక్సనోన్ వైపు పోతాయి. వర్కప్‌లో వేడి క్షారం ఎందుకు వాడకూడదో కూడా దీంతో తెలుస్తుంది: చేసిన బ్రోమోహైడ్రిన్ చేతుల్లోనే ఎపాక్సైడ్ అయిపోతుంది.

ఈ నియమాలు ఎక్కడ సడలుతాయో కూడా తెలిసి ఉండాలి. ద్విబంధం పక్కన ఫినైల్ ఉంటే ధనావేశాన్ని బెంజైలిక్ కార్బనే మోసేస్తుంది, బ్రోమిన్ వంతెన వదులై దాదాపు తెరుచుకుంటుంది. OH బెంజైలిక్ కార్బన్ మీదకే పోవడం ఇంకా గట్టిపడుతుంది, స్టైరీన్ నుంచి 2-బ్రోమో-1-ఫినైల్‌ఎథనాల్ శుభ్రంగా వస్తుంది. కానీ రెండు చివరలా స్టీరియోకేంద్రం ఏర్పడే అణువుల్లో ఆంటీ స్వచ్ఛత తగ్గుతుంది, ముఖ్యంగా పారా స్థానంలో మెథాక్సీ ఉన్నప్పుడు. అలాంటి సందర్భంలో సిన్ ఉత్పన్నం కొంత కనిపిస్తే ప్రయోగం చెడిందని అనుకోకండి.

రెండో సడలింపు స్థానంలో. ద్విబంధం పక్కన ఎలక్ట్రాన్లు లాగే గుంపు ఉంటే మార్కోవ్‌నికోవ్ మొగ్గు తగ్గిపోతుంది. ఎపిక్లోరోహైడ్రిన్ పరిశ్రమలో అల్లైల్ క్లోరైడ్‌కి క్లోరిన్, నీరు కలిపినప్పుడు OH చివరి కార్బన్ మీదున్న 2,3-డైక్లోరో-1-ప్రొపనాల్ దాదాపు 70 శాతం, OH మధ్యలో ఉన్న 1,3-డైక్లోరో-2-ప్రొపనాల్ 30 శాతం వస్తాయి. మధ్య కార్బన్ సెకండరీయే అయినా, పక్కనున్న CH₂Cl లాగడం వల్ల అక్కడ ధనావేశం నిలవదు. అక్కడ రెండు ఐసోమర్లూ సున్నంతో ఒకే ఎపిక్లోరోహైడ్రిన్ ఇస్తాయి కాబట్టి ఫ్యాక్టరీకి ఇబ్బంది లేదు. మీరు విడి ఐసోమర్ కోసం చేస్తుంటే మాత్రం కాలమ్ తప్పదు.